మన బొమ్మలకు మన చిరునామా

(ఏటికొప్పాక గ్రామ సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ ఊరికి మేనల్లుడిని. చిన్నతనంలో వేసవి సెలవులకు వచ్చినప్పుడు మా తాతగారి అరుగు మీద పరచుకుని ఆడుకున్న లక్కపిడతలే నాకు తెలిసిన మొదటి ఆటవస్తువులు. పొయ్యి, చట్టి, తిరగలి, రోలు అన్నీ గుప్పెట్లో పట్టేంతవి. ఆ బంధుత్వాన్ని అడ్డుపెట్టుకునే ఈరోజు మీ ముందు నిలబడి డబ్బు అడగబోతున్నాను. మేనల్లుడు అడిగితే మేనమామలు కాదనరన్న ధైర్యం కొంత ఉంది. అయినా లెక్క చూపకుండా అడగను.

మీ ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఒకటి, జాతీయ రహదారి నుంచి మన ఊరికి తిరిగే చోట పెద్ద స్వాగత తోరణం కట్టించడం. రెండవది, మన బొమ్మల గురించి, మన ఊరికి వచ్చే యాత్రికుల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టడం. రెండవదానికి నలభై ఐదు వేలు చాలునని పోయిన సమావేశంలో ఎవరో అన్నారట. నేను ఈరోజు వచ్చింది ఆ మాటను సరిదిద్దడానికే. నలభై ఐదు వేలు చాలవు. మూడేళ్ళకు కలిపి రెండు లక్షల యాభై ఐదు వేలు కావాలి. అంత ఇవ్వలేమనుకుంటే దయచేసి ఆ నలభై ఐదు వేలు కూడా ఇవ్వకండి. ఎందుకంటే ఆ డబ్బు వృథా అవుతుంది. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో వివరించడమే ఈ ప్రసంగం.

మొదట అవసరం సంగతి చూద్దాం. ఏటికొప్పాక పేరు నేడు ఎవరికీ తెలియనిది కాదు. 2017లో మన బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగంలో మన బొమ్మలను ప్రస్తావించారు. సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా సాగినవి మన బొమ్మలే. ఇలా పేరు వినబడిన ప్రతిసారీ దేశంలో ఎక్కడో ఒక తల్లి తన ఫోను తీసి మన ఊరి పేరు కొట్టి వెతుకుతుంది. ఆమె వెతికే ఆ నాలుగు నిమిషాలలో ఆమెకు జవాబు చెప్పేది ఎవరు?

మొన్న రాత్రి నేనే వెతికి చూశాను. అమ్మకందారులు కనిపించారు, వార్తలు కనిపించాయి, బొమ్మలు కనిపించాయి. వాటిలో కొన్ని మన ఊరివే కావచ్చు. కాని ఏది మన ఊరి చేతిపనో, ఏది కాదో ఊరి తరఫున చెప్పే చోటు నాకు దొరకలేదు. పైగా ఇంగ్లీషు అక్షరాలలో మన ఊరి పేరును కొందరు Etikoppaka అనీ, కొందరు Yetikoppaka అనీ రాస్తారు. ఒక పేరుతో వెతికినవారికి దొరికేది రెండవ పేరుతో వెతికినవారికి దొరకకపోవచ్చు. పేరు ప్రతిష్ఠ మనకు వచ్చింది, ఆ పేరు పట్టుకుని వచ్చేవారికి తలుపు తెరిచే మనిషి మాత్రం లేడు.

అయితే వెబ్‌సైట్ అంటే ఏమిటి? చాలామంది దానిని ఒక కట్టడం అనుకుంటారు. ఒకసారి కట్టిస్తే తోరణంలా నిలబడి ఉంటుందని భావిస్తారు. అది కట్టడం కాదు, గుడిలో నిత్యదీపం వంటిది. ప్రమిద కొనడం ఒకనాటి ఖర్చు. నూనె, వత్తి, వాటిని చూసుకునే మనిషి ప్రతిరోజూ కావాలి. ప్రమిద ఎంత వెలగలదైనా నూనె ఆగిన నాడు చీకటే.

ఇది నేను పుస్తకాల్లో చదివిన మాట కాదు, చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. పదేళ్ళ క్రితం మరొక ఊరి చేతిపనివారికి నేనే ఉచితంగా ఒక వెబ్‌సైట్ చేసి ఇచ్చాను. ఆ ఊరి పేరు చెప్పను. చక్కగా వచ్చింది. ఆ ఊరివారు సంతోషించి శాలువా కప్పారు. ఆ వెబ్‌సైట్ పేరును తమ అట్టపెట్టెల మీద, సంచుల మీద ముద్రించుకున్నారు. నేను చేసిన పొరపాటు ఒక్కటే. ఆ పేరును నా సొంత ఈమెయిల్ మీద నమోదు చేశాను. ఆ రోజు నాకు అది సులువు అనిపించింది, అంతే.

వెబ్‌సైట్ పేరు మనం కొనుక్కునే ఆస్తి కాదు. ఏడాదికో, కొన్నేళ్ళకో రుసుము కట్టి ఉంచుకునే హక్కు. ఆ రుసుము చిన్నదే, సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపో, కొంచెం పైనో ఉంటుంది. గడువు దగ్గరపడితే నమోదు చేసినవారి ఈమెయిల్‌కు హెచ్చరికలు వస్తాయి. గడువు దాటిన తరువాత కొద్ది వారాలు మినహాయింపు ఇస్తారు. ఆపైన మరికొన్నాళ్ళు అపరాధ రుసుముతో తిరిగి తీసుకునే వీలుంటుంది. అదీ దాటితే ఆ పేరు అంగట్లో పడుతుంది. ఎవరైనా కొనుక్కోవచ్చు.

నేను ఉద్యోగం మారాను, ఊరు మారాను, ఆ పాత ఈమెయిల్ చూడడం మానేశాను. హెచ్చరికలన్నీ దానికే వెళ్ళాయి. ఒకనాడు ఆ ఊరి పెద్దాయన ఫోను చేసి, "బాబూ, మన పేరు కొడితే ఎవరివో జూదపు ప్రకటనలు వస్తున్నాయి, ఇదేమిటి?" అని అడిగారు. అప్పటికి ఆలస్యమైపోయింది. ఆ పేరు వేరెవరి చేతికో వెళ్ళింది. వారి వద్ద అచ్చువేసిన పెట్టెలు గది నిండా మిగిలిపోయాయి. పిల్లల బొమ్మల పెట్టె మీద ఉన్న చిరునామా జూదానికి దారి తీస్తుంటే ఆ పెట్టెలు ఎవరికి ఇవ్వగలరు? ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే నన్ను ఈరోజు మీ దగ్గరకు తీసుకువచ్చింది.

కనుక నా మొదటి విన్నపం డబ్బు గురించి కాదు. ఈ పేరు ఎవరి పేరున ఉండాలన్నది. నా పేరున వద్దు. వెబ్‌సైట్ చేసిపెట్టే సంస్థ పేరున వద్దు. ఎంత మంచివాడైనా ఊళ్ళో కుర్రవాడి పేరున కూడా వద్దు. గ్రామ సంఘం పేరున ఒక ఈమెయిల్ తెరవాలి. దాని రహస్యపదాన్ని రాసి, ముద్ర వేసిన కవరులో పెట్టి, సంఘం దస్తావేజులతో పాటు బీరువాలో ఉంచాలి. ఆ ఈమెయిల్‌కు ఇద్దరు సభ్యుల ఫోను నంబర్లు జతచేయాలి, ఒక్కరివి కాదు. పేరుకు రుసుము ఏడాదికి కాక ఒకేసారి అయిదేళ్ళకు కట్టాలి. ఇంగ్లీషులో మన ఊరి పేరు రెండు రకాలుగా రాస్తారు కనుక రెండు పేర్లూ తీసుకోవాలి. ఒకటి కొడితే రెండవదానికి వెళ్ళేటట్లు చేయవచ్చు. పొలానికి పట్టా ఎవరి పేరున ఉందో చూడకుండా దుక్కి దున్నరు కదా, ఇదీ అంతే.

ఇక ఆ వెబ్‌సైట్‌లో ఏమి ఉండాలి? చాలామంది వెంటనే అంగడి పెట్టమంటారు. బొమ్మ మీద నొక్కగానే డబ్బు కట్టి, ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు కావాలంటారు. మొదటి ఏడాది అది వద్దని నా అభిప్రాయం. కారణం చెబుతాను. మన బొమ్మ అచ్చులో పోసేది కాదు. అంకుడు కర్ర ఆరాలి. ఆరని కర్రతో చేసిన బొమ్మ తరువాత పగులుతుంది, లక్క విడిపోతుంది. ఆరిన కర్రను తరిమెన మీద తిప్పుతూ రూపం తెచ్చి, తిరుగుతున్న కర్రకే రంగు లక్కను ఒత్తి పట్టుకుంటే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మెరుగు పెట్టాలి. ఇదంతా మీకు నేను చెప్పేదేముంది? కాని హైదరాబాదులో ఫోను చూసే ఆమెకు ఇది తెలియదు. ఆమె నొక్కితే రేపే రావాలనుకుంటుంది. రాకపోతే మన మీద చెడ్డమాట రాస్తుంది. ఆ మాట ఏళ్ళ తరబడి అందరికీ కనిపిస్తూ ఉంటుంది.

అందుచేత మొదటి ఏడాది ఉండవలసినవి మూడే. దారి, బొమ్మల చిత్రాలు, పలికే ఫోను నంబరు.

దారి సంగతి ముందు చెబుతాను, అది ఈ సభలో ఉన్న యాత్రికుల సంఘాల వారికి కూడా సంబంధించినది. సింహాచలం అప్పన్నను దర్శించి అన్నవరం సత్యదేవుని వద్దకు రోడ్డు మీద వెళ్ళే భక్తులు మన మలుపును దాటుకునే వెళతారు. విశాఖ నుంచి మన ఊరు సుమారు 65 కిలోమీటర్లు. దారిలో నక్కపల్లి దగ్గర ఉపమాక వెంకన్న ఉన్నాడు. వారిలో ఎందరికి మన బొమ్మలు ఇక్కడ కళ్ళముందే చేస్తారని తెలుసు? వారు అడిగే ప్రశ్నలు చాలా సాధారణమైనవి. బస్సు లోపలి వరకు వస్తుందా? ఏ రోజు పని ఉండదు? మధ్యాహ్నం ఎన్నింటికి తరిమెనలు ఆపుతారు? మరుగుదొడ్డి ఉందా? వృద్ధులు కూర్చునే చోటు ఉందా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక్క పుటలో ఉండాలి. మరుగుదొడ్డి లేకపోతే లేదనే రాయాలి. లేనిది ఉందని రాస్తే, నలభై మందితో వచ్చిన బస్సు వారి ముందు తలదించుకోవలసింది మనమే.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. నలభై మంది ఒకేసారి ఒక పాకలోకి వస్తే పని ఆగుతుంది. తిరిగే యంత్రం దగ్గర పసిపిల్లలు నిలబడడం ప్రమాదం. కనుక విడతకు పది మందికి మించకుండా, ముందు ఫోను చేసి రావలసిందిగా రాద్దాం. పని ఆపి చూపించిన కళాకారునికి మనిషికి ఇంత అని కొద్దిపాటి రుసుము నిర్ణయిద్దాం. చూడడానికి వచ్చినవారు కొనకపోయినా ఆ గంట పని నష్టం ఆయన మీద పడకూడదు.

రెండవది చిత్రాలు. లక్క మెరుపు కంటికి అందం, కెమెరాకు శత్రువు. ఫ్లాష్ వేసి తీస్తే బొమ్మ నడుమ తెల్లటి మచ్చ పడుతుంది, రంగు తెలియదు. ఉదయం పూట నీడలో, తెల్లని గుడ్డ పరచి తీయాలి. ప్రతి బొమ్మ పక్కన ఒక చెయ్యి గాని, రూపాయి నాణెం గాని ఉండాలి. లక్కపిడతలు చిత్రంలో వంటింటి గిన్నెలంత కనిపిస్తాయి. పెట్టె విప్పి చూసినప్పుడు గుప్పెడంత ఉంటే కొన్నవారు మోసపోయామనుకుంటారు. నాణెం ఒక్కటి పక్కన ఉంటే ఆ తగువు రాదు. పొడవు, బరువు అంకెల్లో రాయాలి.

ఫోనుతో తీసిన ఒక్కొక్క చిత్రం నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. అటువంటివి ఇరవై ఒకే పుటలో పెడితే, దారిలో బస్సులో కూర్చుని చూసేవారికి ఆ పుట తెరుచుకోదు. వారు విసిగి వదిలేస్తారు, మనకు ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. చిత్రాన్ని రెండు వందల కిలోబైట్ల లోపుకు తగ్గించి పెట్టమని చేసేవారికి ఒప్పందంలోనే రాయాలి. పని అప్పగించుకునే రోజు మన ఊళ్ళో సిగ్నల్ సరిగా అందని వీధిలో నిలబడి, మామూలు ఫోనులో తెరిచి చూడండి. అక్కడ తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

బొమ్మల కింద నిజం రాయాలి. పసుపు కొమ్ము నుంచి తీసిన రంగు ఎండ తగిలితే వెలుస్తుంది. "ఎండ పడని చోట ఉంచండి" అని రాద్దాం. ఒక విడత ఎరుపు మరొక విడత ఎరుపులా ఉండదు. "చిత్రంలోని రంగుకు కొంచెం తేడా ఉండవచ్చు, ఇది సహజ రంగు" అని రాద్దాం. లోపం దాచితే ఫిర్యాదు అవుతుంది, ముందే చెబితే గుణమవుతుంది. అసలు బొమ్మను గుర్తుపట్టడం ఎలాగో కూడా రాద్దాం. తిరుగుతున్న కర్ర మీద ఒత్తిన లక్కకు కుంచె గీతలు ఉండవు, రంగు కర్రను అంటుకుని ఉంటుంది. తరిమెన మీద చేశామని చెప్పిన బొమ్మ ఒంటి మీద కుంచె జాడలు, కారిన చారలు కనిపిస్తే అనుమానించవచ్చు.

ఇక్కడే భౌగోళిక గుర్తింపు సంగతి వస్తుంది. ఆ గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ప్రతి ఒక్కరికీ దాని గుర్తు వాడుకునే హక్కు వచ్చినట్లు కాదు. చట్టం ప్రకారం ఎవరికి వారు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి. దీనివల్ల మరొక లాభం ఉంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో బొమ్మల మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి అయింది. హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన చేతిపనివారు తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న అధీకృత వినియోగదారుల బొమ్మలకు ఆ నియమం నుంచి మినహాయింపు ఇచ్చారు. కనుక వెబ్‌సైట్‌లో పేరు వేసే ప్రతి కళాకారుని నమోదు కాగితం సంఘం ముందుగా చూడాలి. లేనివారి చేత దరఖాస్తు పెట్టించాలి. వెబ్‌సైట్ కన్నా ముందు చేయవలసిన పని ఇది.

మూడవది ఫోను నంబరు. ఇదే అసలు నూనె. పది నుంచి అయిదు వరకు పలికే ఒక మనిషి కావాలి. ఆ మనిషి మన ఊరి అమ్మాయి అయితే మేలు. చదువుకుని ఇంట్లో ఉన్నవారు చాలామంది ఉన్నారు. నెలకు నాలుగు వేలు గౌరవ వేతనం ఇద్దాం. ఏ కళాకారుని దగ్గర ఏ పని జరుగుతోందో, కర్ర ఎంత ఆరిందో, ఎన్ని రోజులకు ఇవ్వగలరో ఆమె రోజూ కనుక్కుని చెప్పాలి.

ఇప్పుడు ఒక ఆర్డరును ఉదాహరణగా తీసుకుని లెక్క చూద్దాం. అంకెలు నేను అనుకుంటున్నవే, మీరు మీ ధరలు వేసుకుని సరిచూడండి. హైదరాబాదులో ఒక కుటుంబం పెళ్ళికి వచ్చే ముత్తైదువులకు ఇవ్వడానికి రెండు వందల కుంకుమ భరిణెలు కావాలని ఫోను చేసిందనుకుందాం. ఒక్కొక్కటి అరవై రూపాయలు. మొత్తం పన్నెండు వేలు. ఒక పనివాడు రోజుకు ఇరవై అయిదు భరిణెలు చేస్తాడనుకుంటే ఎనిమిది రోజుల పని. ఇద్దరు పంచుకుంటే నాలుగు రోజులు. కట్టడానికి, చేరడానికి మరో వారం. మధ్యలో కరెంటు పోవచ్చు, జ్వరం రావచ్చు. కనుక "మూడు వారాల ముందు చెప్పండి, సగం సొమ్ము ముందుగా పంపండి" అన్నది మన నియమం కావాలి. పెళ్ళి పది రోజుల్లో ఉందంటే, రెండు వందలు కుదరవు, ఎనభై ఇవ్వగలమని చెప్పాలి. కుదరనిది కుదరదని చెప్పడమే ఆ ఫోను పట్టుకున్న అమ్మాయికి మనం నేర్పవలసిన మొదటి పాఠం.

ఇందులో పనివానికి మిగిలేది ఎంత? అదే భరిణెను అతడు మధ్యవర్తికి నలభైకి ఇస్తున్నాడనుకుందాం. ఇప్పుడు అరవై వస్తోంది కదా, ఇరవై లాభం అనుకోకూడదు. కాగితం, అట్టపెట్టె నాలుగు రూపాయలు. పార్సిలు ఖర్చు తలకు అయిదు. వెబ్‌సైట్ నిధికి అయిదు శాతం చొప్పున మూడు. అతని చేతికి వచ్చేది నలభై ఎనిమిది. అంటే భరిణెకు ఎనిమిది రూపాయలు, ఈ ఒక్క ఆర్డరు మీద పదహారు వందలు అధికం. ఎనిమిది రోజుల పని మీద పదహారు వందలు. ఇది కోట్లు తెచ్చే మంత్రం కాదు. కాని అది అతని సొంత పేరు మీద, సొంత ధరకు వచ్చిన డబ్బు. భరిణె అడుగున అతని పేరు ఉంటుంది. మరుసటి ఏడాది ఆ ఇంట్లో గృహప్రవేశం జరిగితే మళ్ళీ ఆ పేరే వెతుకుతారు.

ఇక ఖర్చు. పేర్లకు, వెబ్‌సైట్ ఉంచే చోటుకు ఏడాదికి ఎనిమిది వేలు. రెండు భాషల్లో తయారుచేయడానికి నలభై ఐదు వేలు. చిత్రాలకు ఇరవై వేలు. ఫోను చూసే అమ్మాయికి ఏడాదికి నలభై ఎనిమిది వేలు. ఫోను, తూకం, అట్టపెట్టెలకు పద్నాలుగు వేలు. మొదటి ఏడాది మొత్తం లక్షా ముప్పై ఐదు వేలు. రెండవ, మూడవ ఏళ్ళలో నిర్వహణకు ఎనిమిది, అమ్మాయికి నలభై ఎనిమిది, కొత్త చిత్రాలకు నాలుగు, వెరసి ఏడాదికి అరవై వేలు. మూడేళ్ళకు రెండు లక్షల యాభై ఐదు వేలు. పోయిన సమావేశంలో మీరు విన్న నలభై ఐదు వేలు ఇందులో ఒక్క వరుస మాత్రమే. అది ప్రమిద ధర.

ఇది తన కాళ్ళ మీద తాను నిలబడేది ఎప్పుడు? ఏడాదికి అరవై వేలు అయిదు శాతంతో రావాలంటే పన్నెండు లక్షల అమ్మకం జరగాలి. ఇందాకటి పెళ్ళి ఆర్డరు వంటివి ఏడాదికి వంద, అంటే వారానికి సుమారు రెండు. అది ముగ్గురు పనివారికి ఏడాది పొడవునా పని. మొదటి ఏడాది ఇది జరగదని ఇప్పుడే చెబుతున్నాను. రెండవ ఏడాది సగం వస్తే సంతోషించాలి. మూడవ ఏడాది చివరకు వారానికి ఒక్క ఆర్డరు కూడా రాకపోతే, సభ పెట్టి, లెక్కలు చదివి, మర్యాదగా మూసివేద్దాం. అప్పుడు కూడా పేరు మాత్రం వదులుకోవద్దు. దానికి ఏడాదికి అయ్యే చిన్న రుసుము కడుతూ ఉందాం. మన ఊరి పేరు వేరొకరి చేతిలో పడనీయకూడదు.

తోరణం గురించి ఒక మాట. తోరణం వద్దని నేను అనడం లేదు. రోడ్డు మీద వెళ్ళేవారు చూస్తే ఆగుతారన్నది నిజమే. కాని తోరణాన్ని చూసేది ఆ మలుపు దాకా వచ్చినవారే. పెళ్ళికి మూడు వారాల ముందు హైదరాబాదులో నిర్ణయం తీసుకునే తల్లి దానిని చూడలేదు. అన్నవరం యాత్రకు బయలుదేరే ముందు రాజమండ్రిలో దారి రాసుకునే పెద్దమనిషి చూడలేడు. ఈ ఏడాదికి మలుపు వద్ద పెద్ద అక్షరాల బోర్డు ఒకటి పెట్టి, దాని మీద ఆ ఫోను నంబరు, వెబ్‌సైట్ పేరు రాయిద్దాం. తోరణం ఆలోచన మూడేళ్ళ తరువాత లెక్కలు చూసి మళ్ళీ చేద్దాం.

కనుక సభ ముందు నా విన్నపాలు నాలుగు. వెబ్‌సైట్ పేరు, ఈమెయిల్ రెండూ సంఘం పేరునే ఉండాలని తీర్మానించండి. మూడేళ్ళ సొమ్మును మొదటే వేరు ఖాతాలో ఉంచండి, ఏటా మళ్ళీ అడిగే పని పెట్టవద్దు. కళాకారుల నమోదు కాగితాలు ముందు పూర్తి చేయించండి. ప్రతి మూడు నెలలకు ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎన్ని ఆర్డర్లు కుదిరాయి, ఎన్ని కుదరలేదు, ఎందుకు కుదరలేదు అన్నది ఈ అరుగు మీదే చదివి వినిపించండి.

నేను ఏమీ తీసుకోను. తయారీ పనిని మరొకరికి అప్పగించండి, నేను పక్కన ఉండి చూస్తాను. ఆనాడు నా చేతిలో ఆరిపోయిన దీపం ఒకటి ఉంది. ఆ పెద్దాయన నన్ను ఏమీ అనకపోయినా ఆ బాకీ నా మీద ఉన్నదనే అనుకుంటున్నాను. మా అమ్మ పుట్టిన ఊళ్ళో దానిని తీర్చుకునే అవకాశం ఇవ్వవలసిందిగా పెద్దలందరినీ వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.